లక్షల లెక్క వేయబోతున్న మేనకోడలికి

చి. స్వాతికి,

మావయ్య ఆశీస్సులు. ఆదివారం బహిరంగ సభకు నిన్ను రిపోర్టింగ్‌కి వేశారని, నాయకులు చెప్పే లక్షలు వదిలేసి నీ లెక్క నువ్వే వేస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా అనిపించింది. అయితే స్టేజీ ముందు గుంపులోకి దూరి చదరపు మీటరుకి ఎంతమందో చూస్తానన్నావట. అది విన్నప్పటినుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది.

మైదానం వైశాల్యం శాటిలైట్ మ్యాప్‌లో ముందురోజే కొలిచిపెట్టుకో. ఒకసారి వెళ్ళి నడిచి చూడు. దానికి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

తప్పు జరిగేది ఆ తర్వాతే. మా రోజుల్లో ఒక సీనియర్ ఉండేవాడు, పెన్ను పట్టుకుంటే బంగారం. ఓసారి 200 మీటర్ల పొడవు, 120 మీటర్ల వెడల్పున్న మైదానంలో సభ జరిగింది. మొత్తం 24,000 చదరపు మీటర్లు. ఆయన స్టేజీ పక్క నిలబడి ముందువరసలో చూస్తే మీటరుకి నలుగురున్నారు. గుణించాడు, 96,000 వచ్చింది. మర్నాడు హెడ్డింగులో అది లక్ష అయింది.

అక్కడ ఏం జరిగిందో చూడు. స్టేజీ, దాని ముందు ఖాళీగా ఉంచే జాగా, బారికేడ్ల మధ్య దారులు, వాహనాలు ఆపిన చోటు తీసేస్తే జనం ఉండగలిగింది 18,000 మీటర్లే. అందులో స్టేజీ దగ్గర కిక్కిరిసిన భాగం 3,000. అక్కడ నలుగురి లెక్కన 12,000 మంది. వెనక 9,000 మీటర్లలో కుర్చీలు. కుర్చీ వెడల్పు అర మీటరు, వరసకీ వరసకీ మధ్య తొంభై సెంటీమీటర్లు, నడిచే దారులు కూడా కలిపితే మీటరుకి ఇద్దరి కంటే పట్టరు. అంటే 18,000. మిగతా 6,000 మీటర్లలో మనుషులు చెట్ల కింద, బజ్జీల బండి దగ్గర పలచగా ఉన్నారు. రెండు మీటర్లకి ఒకరు, 3,000. అంతా కలిపితే 33,000. లక్షలో మూడోవంతు!

ఆయన అబద్ధం రాయలేదమ్మా. కళ్ళే మోసం చేశాయి. తక్కువ ఎత్తునుంచి చూస్తే ముందువాళ్ళ తలలు వెనక ఖాళీలను కప్పేస్తాయి. దూరం పెరిగేకొద్దీ అంతా ఒకటే తలల చాపలా కనిపిస్తుంది. లాంగ్ లెన్స్‌తో తీసిన ఫోటో అయితే ఇంకా ఘోరం. అందుకే దగ్గర్లో ఉన్న నాలుగంతస్తుల మేడ ఎవరిదో కనుక్కుని, పైనుంచి ఫోటో తీసుకోవడానికి ముందే అనుమతి అడుగు.

అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో 1960లలో హెర్బర్ట్ జేకబ్స్ అనే జర్నలిజం ప్రొఫెసర్ చేసింది ఇదే. విద్యార్థులు నిరసనకు చేరే ఆవరణ ఆయన ఆఫీసు కిటికీలోంచి కనిపించేది. కింద నేలంతా గళ్ళుగళ్ళుగా ఉండేది. కొన్ని గళ్ళలో తలలు లెక్కపెట్టి, సగటు తీసి, నిండిన గళ్ళతో గుణించాడు. ఆయన తేల్చింది మన కొలతల్లో చెప్పాలంటే, పలచని గుంపులో మీటరుకి ఒకరు, దట్టంగా ఉంటే ఇద్దరు ముగ్గురు, ఇక కదలలేనంత కిక్కిరిస్తే నలుగురికి కాస్త పైన. నీకు నేలమీద గళ్ళుండవు కాబట్టి లైటు స్తంభాలు, బారికేడ్లు చూసి మైదానాన్ని ముక్కలు చేసుకో. ఒక్కో ముక్కకీ వేరే సాంద్రత వెయ్యి. ఎవరైనా మైదానమంతా మీటరుకి ఆరుగురని చెబితే నమ్మకు.

ఇప్పుడు నా భయం చెబుతా విను. ఆ నాలుగు అనేది నీకు లెక్క మాత్రమే కాదు, అక్కణ్ణుంచి కదలమనే హెచ్చరిక కూడా. ఐదు దాటితే నువ్వు నడవవు, గుంపే నిన్ను మోసుకుపోతుంది. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజు, మా రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. ఇలాంటి చోట చాలామంది కాళ్ళ కింద పడే కాదు, ఛాతీ వ్యాకోచించే జాగా లేక నిలబడే ఊపిరాడక పోతారు. నాలుగు వైపులా భుజాలు తగులుతున్నా, నెట్టని చోట కూడా ఒళ్ళు అలలా ఊగుతున్నా లెక్క సంగతి వదిలెయ్. చేతులు ఛాతీ ముందు అడ్డంపెట్టుకుని, తోపుకి ఎదురు నిలవకుండా, అది కాస్త తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరుగు. ఫోను పడితే వంగి తీసుకోకు, కొత్తది నేను కొనిస్తా.

ఇంకొక్కటి. ఫోటో తీసిన టైమ్ రాసుకో. ఈ లెక్క ఆ నిమిషానికి ఉన్నవాళ్ళదే. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు, తర్వాత వచ్చినవాళ్ళు ఇందులో ఉండరు. అందుకే "సాయంత్రం ఆరింటికి మైదానంలో 28,000 నుంచి 38,000 మంది" అన్నట్టుగా రాయి. ఒకే అంకె కావాలని డెస్క్‌వాళ్ళు పట్టుబడితే నీ ముక్కల లెక్క వాళ్ళ ముందు పెట్టు. రాత్రి ఎంత ఆలస్యమైనా ఇంటికి చేరాక నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటా.

మీ మావయ్య