ఒక్క నిజం బయటపడటానికి ఇన్నేళ్ళు ఎందుకు పడుతుంది?

ప్రశ్న: మా అత్తయ్య చూసే సీరియల్ ఆరేళ్ళుగా నడుస్తోంది. ఒక్క నిజం బయటపడటానికి ఇన్నేళ్ళు ఎందుకు లాగుతారు? ఎప్పుడో జరిగిన పాత కథలన్నీ ఆవిడకి ఎలా గుర్తుంటున్నాయి? నేను రెండు రోజులు మానేస్తే ఎవరు ఎవరో కూడా తెలియట్లేదు.

జవాబు:

హైదరాబాద్‌లో ఒక డైలీ సీరియల్ డైలాగ్ రైటర్ దగ్గర నేను రెండున్నరేళ్ళు అసిస్టెంటుగా పనిచేశాను. మాది కావలి. అమ్మ అక్కడే ఉంటుంది. మేం రాసిన ప్రతి ఎపిసోడూ చూసింది. అందుకని కథను సాగదీసే గదినీ, ఆ కథ గుర్తుండే ఇంటినీ రెండింటినీ దగ్గర్నుంచి చూశాను.

ముందు డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే అసలు కారణం అదే. ఛానల్ నిర్మాతకు ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తుంది. ఇల్లు అద్దెకు తీసుకుని సెట్‌గా మార్చడం, ముఖ్యమైన ఆర్టిస్టులకు అడ్వాన్సులు, టైటిల్ సాంగ్, ఇవన్నీ మొదటి ఎపిసోడ్ టెలికాస్ట్ కాకముందే ఖర్చయిపోతాయి. ఆ డబ్బు తిరిగి రావాలంటే సీరియల్ కొన్ని వందల ఎపిసోడ్లు నడవాలి. ఛానల్‌కి కూడా ఆపడం ఇష్టం ఉండదు. ఏడున్నరకి టీవీ ముందు కూర్చునే అలవాటు జనానికి ఒకసారి పడ్డాక, అదే టైముకి కొత్త కథ మొదలైతే వాళ్ళు పక్క ఛానల్‌కి వెళ్ళిపోవచ్చు. కాబట్టి రేటింగ్ ఉన్నంతకాలం కథ ముగిసిపోవాలని కోరుకునేవాళ్ళు సెట్‌లో ఎవరూ ఉండరు.

రేటింగ్ వారానికోసారి వస్తుంది. ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో లెక్కగట్టే సంస్థ బార్క్, దాని అంకెలు గురువారం వస్తాయి. ఆ రోజు మధ్యాహ్నం మా గదిలో ఎవరూ సరిగ్గా భోజనం చేసేవాళ్ళు కాదు, అంత టెన్షన్. ఒకసారి పెళ్లి ఆగిపోయే ట్రాక్ రెండు వారాలకని రాసుకున్నాం. మొదటి వారానికే అంకె పెరిగింది. ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది, పెళ్లి ఇంకా సాగనివ్వండి అని. ముహూర్తం మూడుసార్లు మారి, ఆ పెళ్లి చివరికి ఐదు వారాలు నడిచింది.

ఇక నిడివి. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా కథకి మిగిలేది 20 నుంచి 22 నిమిషాలు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులంటే వారానికి రెండు గంటల పైచిలుకు. అంటే ప్రతి వారం ఒక సినిమా అంత కథ కావాలి. సినిమా వేగంతో చెబితే ఏ కథైనా నెల తిరక్కుండా అయిపోతుంది. అందుకే సీరియల్ రాసేవాళ్ళు ఒక సంఘటనను కాకుండా ఒక రహస్యాన్ని పట్టుకుంటారు. సంఘటన ఒకసారి జరిగితే అయిపోతుంది. రహస్యం మాత్రం ఎంతమందికి తెలిస్తే అన్నిసార్లు కథ పుట్టిస్తుంది.

మా సీరియల్ లెక్కే చెబుతాను. ఇంటి కోడలు వేరెవరో కాదు, అత్తగారు ఏళ్ళ క్రితం ఇంట్లోంచి గెంటేసిన సొంత తమ్ముడి కూతురు. మా మూలధనం అంతా ఈ ఒక్క నిజమే. రైటర్ గారి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. ఎడమవైపు ఇంట్లోవాళ్ళ పేర్లు, పైన వరుసగా రహస్యాలు. ఎవరికి ఏది తెలిస్తే ఆ గడిలో ఎపిసోడ్ నంబరు వేసేవాళ్ళం. తెలియకపోతే గడి ఖాళీ. కథ ఎంత మిగిలిందో ఆ ఖాళీ గడులను లెక్కపెట్టి చెప్పేవాళ్ళు ఆయన.

ఒక్కో గడి నిండటానికి సుమారు మూడు వారాలు. మొదటి వారం ఆ మనిషికి అనుమానం వస్తుంది. బీరువాలో పాత ఫొటో దొరకడమో, ఫోన్‌లో సగం మాట వినబడటమో జరుగుతుంది. రెండో వారం నిజం తెలుస్తుంది. మూడో వారం వెళ్ళి అత్తగారికి చెప్పబోతుంటే ఏదో ఒకటి అడ్డుపడుతుంది. మామగారైతే ఒట్టు వేయించుకుంటారు, ఆడపడుచైతే తన తప్పు బయటపడుతుందని నోరు మూసుకుంటుంది, మరిది అయితే వదిన మీద గౌరవంతో ఆగిపోతాడు. మూడు వారాలంటే 18 ఎపిసోడ్లు. ఇంట్లో తొమ్మిది మందికి విడివిడిగా తెలిస్తే 162 ఎపిసోడ్లు, అంటే ఆర్నెల్ల పైనే. ఇంతా చేసి అసలు నిజం ఒక్క అంగుళం కూడా కదలదు, ఎందుకంటే అత్తగారి గడి ఇంకా ఖాళీగానే ఉంటుంది.

ఆ గడి నింపేముందు మరో పని కచ్చితంగా చేయాలి. కొత్త రహస్యం నాటాలి. పాత నిజం బయటపడ్డ వారం రేటింగ్ బాగుంటుంది, కానీ ఆ తర్వాతి వారం చూడటానికి కారణం ఏదీ మిగలకపోతే అది పడిపోతుంది. మీ అత్తయ్య సీరియల్‌లో ఉన్నట్టుండి కొత్త మనిషి ఇంటికొచ్చి, ఎవరూ లేనప్పుడు ఫోన్‌లో గుసగుసలాడటం మొదలుపెడితే, పాత నిజం త్వరలో తేలబోతోందని అనుకోవచ్చు.

తెలుగులో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 'కార్తీక దీపం'. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. భార్య మీద అనుమానపడ్డ డాక్టరు, పిల్లలు తనవాళ్ళేనని తెలుసుకోవడమే అందులో మూల రహస్యం. ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది కదా అని చూసేవాళ్ళందరూ అడిగారు. ఆ ప్రశ్న జనం నోట్లో నానినంతకాలం సీరియల్‌కి బలం. అడగడం మానేసిన రోజే ప్రమాదం.

కథ ఆగిపోవడానికి మరో కారణం ఉంది, అది బయటికి కనిపించదు. ఆర్టిస్టుల డేట్లు. మా అత్తగారి పాత్ర చేసినావిడ నెలకి పన్నెండు రోజులే ఇచ్చేవారు. ఆవిడ లేని రోజుల్లో నిజం ఎవరికి చెప్పాలి? అందుకే ఆవిడ తీర్థయాత్రకి వెళ్ళేది, లేకపోతే గదిలో తలుపేసుకునేది. ముఖ్యమైన పాత్ర కోమాలోకి వెళ్తే చాలాసార్లు దాని వెనక డేట్ల సమస్యే ఉంటుంది. ఇద్దరు మాట్లాడుకుంటున్నా ఒకే ఫ్రేములో ఎప్పుడూ కనిపించకపోతే, వాళ్ళను వేర్వేరు రోజుల్లో తీశారేమో అనుకోవచ్చు. అలాగే రీక్యాప్ మామూలు కన్నా పొడుగైనా, ఒక్కో మొహం మీదకి కెమెరా మూడేసిసార్లు వెళ్ళినా, చేతిలో ఎపిసోడ్లు అయిపోయి ఆ రోజు నిమిషాలు చాలలేదని మాకు వెంటనే తెలిసిపోయేది.

ఇక మీ రెండో ప్రశ్న. మా నోట్‌బుక్‌లో ఒకసారి పొరపాటు జరిగింది. తోడికోడలు గడి ఖాళీగా ఉన్నా చూసుకోకుండా, 'మీ అమ్మ పడ్డ కష్టం నాకు తెలుసు' అని కోడలితో ఆవిడ అనే డైలాగ్ రాశాను. డైరెక్టరు చూడలేదు, ఎడిటరు చూడలేదు. టెలికాస్ట్ అయిన అయిదు నిమిషాలకి కావలి నుంచి ఫోన్. "ఏందబ్బయ్యా, ఆ పిల్లకి ఆ సంగతి ఎట్టా తెలిసింది? మామగారు చెప్పలేదే! ఆయన చెప్పింది మరిదికి కదా?" మరిదికి ఆయన చెప్పింది అప్పటికి ఏడాది కింద. నేను వెళ్ళి నోట్‌బుక్ తిరగేస్తే అమ్మ చెప్పిందే నిజం. రెండు రోజుల తర్వాత, మరిది ఆమెకు చెప్పినట్టుగా ఒక చిన్న సీను కలిపి సర్దుకున్నాం.

అప్పుడు నాకు అర్థమైంది. అమ్మ కథను గుర్తుపెట్టుకోవడం లేదు. ఎవరికి ఏం తెలుసు అన్నది గుర్తుపెట్టుకుంటోంది. అది పల్లెలో, వీధిలో ఆడవాళ్ళు రోజూ చేసే పనే. ఫలానా సంగతి వియ్యపురాలి ముందు అనకూడదు, పెద్దాయనకి ఇంకా చెప్పలేదు, ఈ లెక్క బుర్రలో లేకపోతే ఉమ్మడి కుటుంబంలో ఒక్క పండగ కూడా సజావుగా జరగదు. సీరియల్ ఇల్లు వాళ్ళకి ఇంకో చుట్టాల ఇల్లు, అంతే.

పేర్లు కూడా వాళ్ళకి పెద్దగా అక్కర్లేదు. 'పెద్దకోడలు', 'ఆ విలన్‌ది', 'డాక్టర్ బాబు', 'వంటలక్క', ఇలా వరుసతోనో పనితోనో పిలుచుకుంటారు. ఆర్టిస్టు మారినా వరుస మారదు కాబట్టి వారం రోజుల్లో కొత్త మొహం అలవాటైపోతుంది. ఏళ్ళను సొంత ఇంటి విషయాలతో కొలుస్తారు. "మన చిన్నదాని సీమంతానికి పోయినప్పుడే గదా ఆమెను జైల్లో పెట్టింది" అని మా పిన్ని అనడం నేను విన్నాను.

మేం కూడా వాళ్ళకు సాయం చేస్తూనే రాసేవాళ్ళం. ఆ టైముకి చాలామంది పొయ్యి దగ్గర ఉంటారు, టీవీ వింటారే తప్ప చూడరు. అందుకే ఎపిసోడ్‌కి ఒక్క సీనులోనైనా ఎవరో ఒకరు జరిగిందంతా పైకి చెప్పాలన్నది మాకు నియమం. 'ఇరవై ఏళ్ళ క్రితం నువ్వు గెంటేసిన నీ తమ్ముడు' అని ఎదుటి మనిషికి తెలిసిన విషయాన్నే చెప్పడం అందుకే. ప్రతి ముఖ్య పాత్రకీ ఒక మ్యూజిక్ ఉండటం కూడా అందుకే. దోశ తిరగేస్తూ, తల తిప్పకుండానే, "వచ్చిందమ్మా ఆడపడుచు" అనేది మా అమ్మ.

ఆ మధ్య అమ్మ కాలు విరిగి నెల్లూరులో పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉంది. ఫోన్‌లో ఎపిసోడ్లు చూపిస్తానంటే కళ్ళు లాగుతాయని వద్దంది. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక పక్కింటి అత్తయ్య పలకరించడానికి వచ్చింది. కాలు నొప్పి గురించి నాలుగు మాటలయ్యాక అమ్మ రెండే అడిగింది. "అత్తకు తెలిసిందా? ఆ ఫొటో ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

"తెలీలా. మరిది కాడ ఉంది" అంది అత్తయ్య.

పన్నెండు ఎపిసోడ్లు తప్పిపోయినా ఆ రాత్రి ఏడున్నరకి అమ్మ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చూసింది. మీరు కూడా ఈసారి రెండు రోజులు మానేస్తే, ఏం జరిగిందని మీ అత్తయ్యని అడక్కండి, ఆవిడ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గంటసేపు చెబుతుంది. కొత్తగా ఎవరికి తెలిసింది, ఇంకా ఎవరికి తెలియదు, ఈ రెండూ అడగండి.