గానుగ పెట్టేవాళ్ళు ముందు చదవాల్సింది వర్కింగ్ క్యాపిటల్ పేజీ

ప్రశ్న: మాది కదిరి. డిగ్రీ అయిపోయింది, సొంతంగా గానుగ నూనె యూనిట్ పెట్టాలని ఉంది. ఫ్రెండ్స్ ‘జీరో టు వన్’, ‘ది లీన్ స్టార్టప్’ చదవమంటున్నారు. మా మామయ్య మాత్రం అవన్నీ పక్కనపెట్టి చిన్న పరిశ్రమల ప్రాజెక్టు రిపోర్టులు చదవమంటున్నాడు. ఏవి చదివితే ఉపయోగం?

జవాబు:

మీ మామయ్య మాటే వినండి. అయితే ప్రాజెక్టు రిపోర్టును మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. వర్కింగ్ క్యాపిటల్ అని ఒక పేజీ ఉంటుంది, అంటే సరుకు కొనడానికీ, అమ్మిన డబ్బు చేతికొచ్చేదాకా వ్యాపారం నడపడానికీ కావాల్సిన డబ్బు లెక్క. ముందు దాన్ని తెరవండి. మన ఊళ్ళలో చిన్న యూనిట్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. మీ ఫ్రెండ్స్ చెప్పిన పుస్తకాల్లో ఆ సంగతికి చోటు లేదు, ఎందుకంటే వాటిని రాసినవాళ్ళు చూసిన వ్యాపారాలు వేరు. ‘జీరో టు వన్’ రాసిన పీటర్ థీల్ ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్ పెట్టినవాళ్ళలో ఒకడు. ‘ది లీన్ స్టార్టప్’లో ఎరిక్ రీస్ ఐఎంవీయూ అనే చాటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో తన అనుభవాన్ని చెప్పాడు. సాఫ్ట్‌వేర్‌ను ఇంకో మనిషికి ఇవ్వాలంటే కొత్తగా సరుకు కొనక్కర్లేదు. మీరు ఇంకో లీటరు నూనె ఇవ్వాలంటే రెండు కిలోలకు పైగా వేరుశనగ విత్తనాలు డబ్బు పెట్టి కొనాలి.

మా బావమరిది ధర్మవరంలో ఇదే పని మొదలుపెట్టాడు. ఆ పుస్తకాలు బాగా చదివినవాడు, మాట నేర్పు కూడా ఉంది. తొందరగా పెరగాలి, మార్కెట్ మొత్తం మనదే కావాలి అని ఊళ్ళో, చుట్టుపక్కల మండలాల్లో కిరాణా కొట్లన్నిటికీ సీసాలు వేశాడు. నూనె మంచిది, వాసన చూస్తేనే తెలిసిపోతుంది. వారానికి దాదాపు 200 లీటర్లు కదిలేవి. దసరా అయ్యాక ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసి, “బావా, అమ్మకాలు బాగున్నాయి గానీ చేతిలో డబ్బు నిలబడట్లేదు, ఒకసారి రా” అన్నాడు. వెళ్ళి గానుగ పక్కన నూనె డబ్బాల మధ్య కూర్చుని ఇద్దరం లెక్క వేశాం. ఆ లెక్క మీకూ పనికొస్తుంది, అందుకే పూర్తిగా చెప్తాను.

వంద కిలోల విత్తనాలు ఆడిస్తే చెక్క గానుగలో 40 కిలోల నూనె వచ్చింది, అంటే సుమారు 44 లీటర్లు. 56 కిలోల శనగచెక్క వచ్చింది, మిగతాది తేమ, మడ్డి కింద పోయింది. విత్తనాలు కిలో 120 చొప్పున 12,000 రూపాయలు. శనగచెక్క కిలో 40కి అమ్మితే 2,240 తిరిగొచ్చాయి. అది తీసేస్తే లీటరుకు సరుకు ఖర్చు 222 పడింది. సీసా, లేబుల్, కూలి, కరెంటు కలిపి ఇంకో 35. మొత్తం 257. కొట్టుకు 290కి వేస్తున్నాడు. లీటరుకు 33 రూపాయలు మిగులుతుంది, అందులోంచే షెడ్డు అద్దె కట్టాలి. ఇంతవరకు వాడికి కూడా తెలుసు.

తెలియనిది నోటు పుస్తకంలో ఉంది. కొట్లవాళ్ళు నెల రోజులకు గానీ డబ్బు ఇవ్వట్లేదు. నెలకు 800 లీటర్లు, ఒక్కోదానికి 257. రెండు లక్షల రూపాయలకు పైగా వాడి సొంత డబ్బు ఎప్పుడూ కొట్ల అల్మారాల్లోనే ఉంటోంది. కొట్లు పెరిగే కొద్దీ ఆ మొత్తం కూడా పెరుగుతుంది. లాభం కాగితం మీద కనిపిస్తుంది, జేబు ఖాళీగా ఉంటుంది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఖరీఫ్ కాయ మార్కెట్‌కు వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. అప్పుడు ధర కాస్త తగ్గుతుంది. అనుభవం ఉన్న గానుగవాళ్ళు ఆ రోజుల్లో కొన్ని నెలలకు సరిపడా కాయ కొని పెట్టుకుంటారు. విత్తనాలుగా కాదు, కాయగానే. తొక్కతో ఉంటే ఎక్కువ కాలం చెడకుండా ఉంటుంది, పురుగు, బూజు తక్కువ. కావాల్సినప్పుడు ఒలిపించుకుంటే వంద కిలోల కాయకు 70 కిలోల దాకా విత్తనాలు వస్తాయి. మావాడి డబ్బంతా కొట్లలో ఉండిపోయింది, ఆ సీజన్లో కాయ కొనలేకపోయాడు. కొన్ని నెలలకు విత్తనాలు కిలో 135 పెట్టి కొన్నాడు. కిలోకు 15 రూపాయలే కదా అనిపిస్తుంది. మళ్ళీ లెక్క వేస్తే లీటరు 291 పడింది. అమ్మేది 290. నవంబరులో కాయ కొన్న పక్క గానుగవాళ్ళు పాత రేటుకే ఇస్తుంటే వీడు ధర పెంచలేడు. నూనెలో ఏ లోపమూ లేదు, గిరాకీ తగ్గలేదు, అయినా లీటరుకు రూపాయి నష్టం.

ఏ కొట్టైనా 40 లీటర్ల బాకీ ఎగ్గొడితే ఏమవుతుందో కూడా చూశాం. ఖర్చు లెక్కనే పదివేలకు పైగా పోతుంది. లీటరుకు 33 మిగిలే మంచి రోజుల్లో కూడా దాన్ని పూడ్చడానికి 310 లీటర్లకు పైగా అమ్మాలి. అందుకే పాత బిల్లు కట్టాకే కొత్త సరుకు అనే నియమం మొదటి వారం నుంచే ఉండాలి. పాత బాకీ తీర్చకుండానే ఇంకో పెట్టె వేయమన్న కొట్టు మీ నూనెతో తన వ్యాపారం నడుపుకుంటోందని అర్థం.

ప్రాజెక్టు రిపోర్టులను కూడా గుడ్డిగా నమ్మొద్దు. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కోసం తంజావూరులోని ఆహార సాంకేతిక సంస్థ నిఫ్టెమ్ నమూనా రిపోర్టులు తయారుచేసింది. అలాంటివి దింపుకుని చదవండి. యంత్రాలు, దిగుబడి, ఖర్చు వరుసగా ఉంటాయి. కానీ నమూనాలో ఉన్న దిగుబడి మీ ఊరి విత్తనంతో రాకపోవచ్చు. విత్తనాల్లో తేమ ఎక్కువైతే నూనె తగ్గుతుంది, మడ్డి పెరుగుతుంది. కొరికితే టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా ఎండాలి. అమ్మకాల పేజీలో ఉద్దర ఎన్ని రోజులో కూడా మీరే మీ ఊరు చూసి రాసుకోవాలి. ఊళ్ళో కొందరు ఏజెంట్లు డబ్బు తీసుకుని అందరికీ ఒకే రిపోర్టు పేరు మార్చి ఇస్తున్నారు, అందులో ఈ అంకెలేవీ మీవి కావు. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్‌కు కూడా వాళ్ళు వందలు వసూలు చేస్తుంటే ఒళ్ళు మండుతుంది. udyamregistration.gov.in లో అది పూర్తిగా ఉచితం.

మీ ఫ్రెండ్స్ చెప్పినవాటిలో రీస్ పుస్తకంలోని ఒక్క ఆలోచన మీకు నిజంగా పనికొస్తుంది. పెద్ద పెట్టుబడి పెట్టకముందే చిన్నగా అమ్మి చూడమంటాడు. కదిరిలో దానికి దారి సులువు. వంద కిలోల విత్తనాలు కొని, ఇప్పటికే నడుస్తున్న గానుగలో కూలికి ఆడించండి. రెండు మూడు రోజులు మడ్డి దిగనిచ్చి తెలిసిన ఇళ్ళకు నగదుకే అమ్మండి. ఎంత దిగుబడి వచ్చింది, రెండో సీసాకు ఎవరు వచ్చారు అని రాసుకోండి. థీల్ చెప్పే గుత్తాధిపత్యం సంగతి మాత్రం వదిలేయండి, శనగనూనెలో అది కుదరదు.

బ్యాంకుకు వెళ్ళినప్పుడు గానుగ యంత్రానికే లోన్ అడిగి రాకండి. అవసరమైనప్పుడు తీసుకుని, డబ్బు వచ్చాక తిరిగి కట్టుకునే క్యాష్ క్రెడిట్ లిమిట్ కూడా అడగండి. చిన్న యూనిట్లకు ఏడాది అమ్మకాల అంచనాలో కనీసం 20 శాతం వర్కింగ్ క్యాపిటల్‌గా బ్యాంకు ఇవ్వాలని, ఇంకో 5 శాతం మీరు పెట్టుకోవాలని ఆర్‌బీఐ పద్ధతి ఉంది. వారానికి 200 లీటర్లంటే ఏడాదికి 30 లక్షల అమ్మకం, అంటే లిమిట్ 6 లక్షల దాకా అడగొచ్చు. వాడుకున్నంతకే వడ్డీ పడుతుంది. అందులో సగమైనా నవంబరులో కాయ కొనడానికి విడిగా ఉంచుతున్నానని మీ రిపోర్టులో రాసి, నెలవారీ కొనుగోలు పట్టిక జతచేసి తీసుకెళ్ళండి.