సలామీకి సలాముతో సంబంధం లేదు

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతి సూపర్‌మార్కెట్లో బేకన్, హామ్, చికెన్ సలామీ అని మూడు ప్యాకెట్లు కొన్నాడు. మూడూ గులాబీ రంగే. తేడా ఏంటి, దేన్ని వేయించాలి? సలామీ ఉర్దూ మాటేనా? – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఉర్దూ కాదమ్మా, ఇటాలియన్. అక్కడ ఉప్పును సాలె అంటారు, దాని లాటిన్ మూలం సాల్. ఉప్పు పట్టించింది కాబట్టి సలామే, ఒకటికి మించితే సలామీ. మన వైపు మాంసానికి ఉప్పు పూసి ఎండబెట్టి ఉప్పుకండం అంటాం చూడండి, అక్కడా పేరు పెట్టింది ఉప్పే. అందులో ఉన్నది కండా, ముక్క అనే అర్థమున్న ఖండమా అంటే నేను ఖండం వైపే మొగ్గుతాను, కండ అనేవాళ్లతో తగువు మాత్రం పెట్టుకోను. ఇంత చక్కటి మాట చేతిలో ఉండగా, క్యూర్డ్ మీట్ అని కనబడగానే ‘నయం చేసిన మాంసం’ అని రాసేస్తున్నారు. దానికేమైనా జబ్బు చేసిందా? ఊరబెట్టిన మాంసం అంటే పోలేదా, ఊరగాయలో ఉన్నదీ ఆ ఊరడమే కదా!

ఇక మీ ప్యాకెట్లు. బేకన్ సాధారణంగా పంది పొట్ట భాగం, అందుకే కొవ్వు చారలు (ఇంగ్లండ్‌లో వీపు భాగం ఎక్కువ). ఉప్పూ, కొద్దిగా నైట్రైట్ అనే లవణమూ పట్టించి కొన్నాళ్లు ఊరనిచ్చి పొగ పెడతారు. పొగ తగిలినా చాలావరకు అది పచ్చిదే, వేయించుకోవాల్సిందే. చల్లటి పెనం మీద పరిచి సన్నటి సెగ పెడితే దాని కొవ్వులోనే అది వేగుతుంది.

హామ్ వెనక తొడ. మామూలుగా ప్యాకెట్లో వచ్చేది ఊరబెట్టి ఉడికించినది, చల్లగానే బ్రెడ్డులో పెట్టుకుంటారు. ఇటలీ పార్మా హామ్‌కైతే ఉడకబెట్టడమే లేదు, సముద్రపు ఉప్పు పట్టించి కనీసం 14 నెలలు ఆరనిచ్చి పల్చగా కోసుకుని అలాగే తింటారు. తొడ పేరును తెచ్చి కోడికి తగిలించి ‘చికెన్ హామ్’ అనడం నాకు మింగుడు పడదు, వ్యాపారులు నా మాట వింటారా!

అసలు సలామీ ఒక భాగం పేరే కాదు. తరిగిన మాంసం, కొవ్వు, ఉప్పు, మసాలా కలిపి పేగుతొడుగులో కూరి వేలాడదీస్తారు. దోసెపిండిలో మాదిరే బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, తర్వాత వారాల తరబడి ఆరి బరువులో మూడో వంతు దాకా పోతుంది. ఆ పులుపు, ఉప్పు, ఆరుదల కలిసి కాపాడతాయి కాబట్టి వండకుండానే తింటారు. మీ చికెన్ సలామీ చాలావరకు ఆ జాతి కాదు, మెత్తగా రుబ్బి తొడుగులో ఉడికించినది, పేరు మాత్రం అరువు.

గులాబీ రంగు చూసి మోసపోకండి. మామూలు మాంసం ఉడికితే గోధుమరంగుకు తిరుగుతుంది, నైట్రైట్ పడినది ఉడికాకా గులాబీగానే ఉంటుంది. పచ్చి బేకన్ రంగూ ఉడికిన హామ్ రంగూ ఒకటే కనిపించడం అందుకే. లేబుల్ చదవాల్సిందే. వండినదని ఉంటే హామూ సలామీ అలాగే తినొచ్చు, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి మూడు నుంచి ఐదు రోజుల్లో అవగొట్టేయండి.