పిల్లల గొంతులో అప్పజెప్పే ధోరణి పోవాలంటే?

"మా యానిమేషన్ సిరీస్‌లో ఏడేళ్ల పిల్ల పాత్రకి నిజంగా చిన్నపిల్ల చేతే చెప్పిస్తున్నామండి. ఇంట్లో గలగలా మాట్లాడేవాళ్లు మైకు ముందు పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నారు. ఎలాంటి పిల్లల్ని తీసుకోవాలి, ఎంతసేపు చేయించాలి? మాది భీమవరం."

పద్యాల పోటీల్లో బహుమతులొచ్చిన పిల్లల్ని పిలిచారేమో చూసుకోండి. మేమూ మొదట అదే చేశాం. మాట స్పష్టంగానే ఉంటుంది గానీ ప్రతి వాక్యం చివరా ఒకే సాగదీత, అది వదిలించడం మన వల్ల కాదు. ఇప్పుడు ఆడిషన్‌లో కాగితమే ఇవ్వను. "తమ్ముడితో మొన్న ఎందుకు కొట్లాడావు?" అని అడిగి, మధ్యలో "తప్పు నీదేలే" అంటాను. ఉడుక్కుని ఎదురు చెప్పే పిల్లని తీసుకుంటాను. చదవడం రాకపోయినా ఫర్వాలేదు, లైను నేనే అందిస్తాను. రాగం లేకుండా చప్పగా అందించాలి, లేకపోతే మన రాగాన్నే దింపేస్తారు.

పాలకొల్లు వైపు నుంచి ఒక పాప వచ్చింది. కాలవలో బాతుపిల్ల తప్పిపోయిన సీను. స్క్రిప్టులో "అమ్మా, నా బాతుపిల్ల ఎక్కడికి వెళ్లిపోయింది?" అని ఉంది. నాలుగు టేకులూ పాఠమే. "బాధగా చెప్పమ్మా" అన్నాను, దాంతో దొంగ ఏడుపు కూడా తోడైంది. అక్కడితో ఆపి నీళ్లు తాగి రమ్మన్నాను. ఈలోగా గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో ఒకటి దాచాను. వెతికి వెతికి "నా చెప్పేదండీ?" అంది. "అదిగో, అలాగే బాతుపిల్లని అడుగు" అన్నాను. "అమ్మా, నా బాతుపిల్లేదే?" అంది. అదే ఉంచాం. బొమ్మ ఇంకా గీయలేదు కాబట్టి మాట మారినా ఇబ్బంది లేదు. తయారైన బొమ్మకి డబ్బింగయితే పెదాల కదలికకి సరిపోయే పొడవు చూసుకోవాలి.

అందుకే పాప లోపలికొచ్చినప్పటి నుంచి రికార్డింగ్ ఆన్‌లోనే ఉంచుతాను. మంచి ముక్కలు చాలావరకు "ఇది రిహార్సలే" అన్నప్పుడే పడతాయి.

ఇరవై నిమిషాలు చెప్పించి పది నిమిషాలు వదిలేస్తాను. అలా రెండు విడతలు, మహా అయితే మూడు. చట్టం బాలనటులకి రోజుకి ఐదు గంటల దాకా ఒప్పుకుంటుంది గానీ ఏడేళ్ల గొంతుకి గంట దాటితే దండగే. వాక్యం చివర గాలి తగ్గిపోవడం, "ఇంకా ఎన్నున్నాయండీ?" అనడం మొదలైతే ఆపేయండి. అయిదో టేకు తర్వాత పిల్లలు తమనే తాము అనుకరిస్తారు. అరుపులు, కేకలు ఆఖరి విడతకే ఉంచండి, ముందే పెడితే మిగతా లైన్లు బొంగురుపోతాయి.

అమ్మ అద్దం అవతల కూర్చోవాలి. పాప ఆవిడకి కనబడాలి గానీ, ఆవిడ ముఖం పాపకి కనబడకూడదు. ప్రతి లైనుకీ "బాగా చెప్పానా?" అని అటే చూస్తారు, మూతి మైకు నుంచి పక్కకి పోతుంది. పట్టీలు, గాజులు ఇంటి దగ్గరే తీసి రమ్మని ముందురోజే చెప్పండి. స్టూడియో అనగానే పట్టులంగా కట్టి పంపేవాళ్లున్నారు, దాని గరగర మొత్తం ట్రాకులో పడుతుంది.