కుడిపక్క నొప్పి ప్రతిసారీ లిగమెంట్ నొప్పే కాదు బిడ్డా

సింధూ, అల్లుడు పని మీద పుణె పోతే నువ్వు కొండాపూర్ ఫ్లాట్‌ల ఒక్కదానివే ఉంటా అన్నవంట, ఆఫీసు కూడా మానను అన్నవంట, మీ అమ్మ చెప్పింది. నీ ధైర్యం చూస్తే సంతోషమే గానీ ఐదో నెల కడుపుతోని ఒక్కదానివి అనేసరికి నాకు రాత్రి నిద్ర పట్టలే. ఐరన్ గోలీలు, నీళ్ళు, టైంకు తిండి, ఇవి నీకు చెప్పే పని లేదు. నేను రాసేది మొన్న ఫోన్‌ల చెప్పినవు చూడు, ఆ కుడిపక్క నొప్పి గురించి.

పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే, తుమ్మితే, కుర్చీలకెల్లి గబుక్కున లేస్తే గజ్జల దగ్గర సూదితో పొడిచినట్టు అవుతుంది, కాసేపటికి పోతుంది అన్నవు. అది రౌండ్ లిగమెంట్ నొప్పి లెక్కనే ఉంది. గర్భసంచికి రెండు దిక్కులా తాళ్ళలెక్క లిగమెంట్లు ఉంటయి, కింద గజ్జల దాకా దిగుతయి, సంచి పెరిగేకొద్దీ అవి సాగుతయి, ఒక్కసారిగా కదిలితే పట్టేస్తయి. సంచి కొంచెం కుడికి ఒరిగి ఉంటది కాబట్టి చాలామందికి కుడిపక్కనే ఎక్కువ. పక్కకు తిరిగేముందు మోకాళ్ళు మడుచుకో, భుజం నడుం కలిపి ఒకేసారి తిరుగు, చెయ్యి ఆనించి మెల్లగా లే. తుమ్ము వస్తుందనిపిస్తే కొంచెం ముందుకు వంగు. అయినా వచ్చే చెకప్‌ల డాక్టరమ్మకు ఒకమాట చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆడపడుచుకు కూడా ఐదో నెలల ఇట్లనే వారం రోజులు వచ్చి పోయింది, అది లిగమెంట్ నొప్పేనని డాక్టర్ కూడా చెప్పింది. ఆ మాటే కొంప ముంచింది. ఒకరోజు సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది, రాత్రికి కుడిపక్కకు జరిగింది, ఇంట్ల అందరూ "అదే నొప్పి కదా, డాక్టర్ చెప్పింది కదా" అని వాము నీళ్ళు ఇచ్చి వేడినీళ్ళ బ్యాగు పెట్టి పడుకోబెట్టిన్రు. నేను నైట్ డ్యూటీ నుంచి పొద్దున వచ్చేసరికి పిల్ల కుడికాలు కడుపులోకి ముడుచుకొని పడుకుంది, చాయ్ వాసనకే వాంతికి వస్తుంది, ఒళ్ళు కొంచెం వెచ్చగుంది. లేచి నడువమంటే గోడ పట్టుకొని వంగి నడిచింది, దగ్గాలంటే భయపడుతుంది. రాత్రి నుంచి ఒక్క నిమిషమన్నా ఆగిందా అంటే ఆగలేదు వదినా అన్నది. నా గుండె జల్లుమంది.

అది అపెండిక్స్. రక్తపరీక్షల తెల్లకణాలు ఎక్కువున్నయి గానీ కడుపుతో ఉన్నోళ్ళకు మామూలుగనే ఎక్కువుంటయి కాబట్టి దాన్నిబట్టి తేలలేదు, స్కానింగ్‌ల కూడా సరిగ్గా కనపడలే, సర్జన్ చెయ్యి పెట్టి చూసి ఆపరేషన్ అన్నడు. తెరిచేసరికి పగిలి ఉంది. తర్వాత కడుపు గట్టిపడి నొప్పులు మొదలైతే మందులిచ్చి కనిపెట్టుకొని కూర్చున్నరు. తల్లీ బిడ్డా దక్కిన్రు. కడుపు పెరిగేకొద్దీ కొందరికి అపెండిక్స్ నొప్పి ఇంకా పైకి కూడా వస్తది, అందుకని చోటు ఒక్కటే చూసి తేల్చుకోవద్దు.

నువ్వు చూడాల్సింది నొప్పి తీరు. లిగమెంట్ నొప్పి కదిలితే వస్తది, పడుకుంటే సర్దుకుంటది, ఆకలి పోదు. ఎడమపక్కకు మోకాళ్ళు మడిచి పడుకో, అరగంటైనా తగ్గకపోతే, లేకుంటే గంటగంటకూ పెరుగుతుంటే, వాంతులో జ్వరమో తోడైతే తెల్లారేదాకా ఆగొద్దు. నొప్పి గోలీలు మింగి కప్పిపెట్టకు, ఆపరేషన్ అయితదేమోనని అనుమానముంటే ఏమీ తినకు. రక్తం కనపడినా, నీళ్ళు కారినా, కడుపు ఉండుండి రాయిలెక్క గట్టిపడుతున్నా, మూత్రం మంటగా వస్తూ నడుం నొప్పితో చలిజ్వరం వచ్చినా, తలనొప్పితో కళ్ళు మసకబారి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా అరగంట లెక్క కూడా వద్దు, వెంటనే పో. స్కూటీ మీదకెల్లి పడ్డా అంతే, దెబ్బ కనపడకున్నా చూపించుకోవాలె. అసలు ఆ స్కూటీ ఎందుకే నీకు ఇప్పుడు, చెప్తే వినవు.

ఇంకోటి, నువ్వు చూపించుకునే నర్సింగ్ హోంల రాత్రిపూట సర్జన్ ఉంటడా అని ఇప్పుడే అడిగి పెట్టుకో, చిన్న మెటర్నిటీలల్ల చాలాచోట్ల ఉండరు. లేకుంటే గైనిక్, సర్జరీ రెండూ ఉన్న పెద్దాసుపత్రి ఏదో చూసి పెట్టుకో. ఒక తాళంచెవి పక్కింటామెకు ఇయ్యి, నడవలేకుంటే 108కి చెయ్యి. క్యాజువాలిటీకి పోంగనే "కడుపునొప్పి" అని ఊకోకు, ఎన్నో వారమో చెప్పి, ఎప్పుడు మొదలైంది, ఎక్కడినుంచి ఎక్కడికి జరిగింది, మధ్యల ఆగిందా లేదా, అది చెప్పు. దారిలనే నాకు ఫోన్ కొట్టు, రాత్రి రెండైనా సరే, పెద్దమ్మ పడుకుందేమో అనుకోకు.