ఒంటి గోడ కొలత సరిపోయింది, మూత మీద మాత్రం సందులు: ఫ్లో లెక్క ఎక్కడ తప్పుతుంది?

ప్రశ్న: అన్నా, నేను కూడా చెన్నైలోనే ఉంటాను. నా 3డీ ప్రింటర్‌కు 0.4 మి.మీ. నాజిల్, ప్లాస్టిక్ పీఎల్ఏ. క్యూరా స్లైసర్‌లో లైన్ విడ్త్ 0.4, లేయర్ 0.2 పెట్టి ఒంటి గోడ క్యూబ్ వేస్తే కాలిపర్‌లో 0.45 వచ్చింది. ప్లాస్టిక్ ఎంత పంపాలో చెప్పే ఫ్లోను 89% చేశాను, గోడ సరిగ్గా 0.40కి దిగింది. కానీ ఇప్పుడు ఏ డబ్బా మూత వేసినా పైపొరలో గీతల మధ్య సందులు వస్తున్నాయి. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మీ కొలత తప్పు కాదు, భాగహారమూ తప్పు కాదు. 0.40తో పోల్చడం తప్పు. మీ సెట్టింగులతో ఆ గోడ దాదాపు 0.44 రావాలి.

క్యూరా ఒక్కో గీతను నాలుగు పలకల కడ్డీలా లెక్క కడుతుంది. 0.4 వెడల్పు, 0.2 ఎత్తు, అంటే అడ్డుకోత 0.08 చదరపు మిల్లీమీటర్లు. అంత ప్లాస్టిక్ పంపమని ప్రింటర్‌కు చెబుతుంది. కానీ కరిగిన ప్లాస్టిక్‌కు పలకలుండవు. పైన నాజిల్, కింద పాత పొర నొక్కుతుంటాయి, పక్కల ఏ అడ్డూ లేదు. చపాతీ ముద్దను పీట మీద నొక్కితే అంచులు గుండ్రంగా ఉబ్బినట్టే ఇదీ పక్కలకు ఉబ్బుతుంది. మూలలు నిండవు కాబట్టి, ఆ మిగిలిన సరుకు వెడల్పులోకి పోతుంది. కాలిపర్ పట్టుకునేది ఆ ఉబ్బునే. అంచులు అర్ధవృత్తాలని అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

```
w = h + (A - π·h²/4) / h
w = 0.2 + (0.08 - 0.0314) / 0.2 = 0.443
```

మూత పైపొరలో గీతలు పక్కపక్కనే పడతాయి. అక్కడ ఒక గీత ఉబ్బు పక్క గీత మూలను నింపుతుంది, కాబట్టి ఆ 0.08 మొత్తం కావాల్సిందే. మీరు 89% చేసినప్పుడు గోడతో పాటు పైపొరకూ 11% సరుకు కోత పడింది. సందులు అక్కడి నుంచే వస్తున్నాయి.

నేనూ సరిగ్గా ఇదే పని చేశాను. తాంబరంలో మా మేడ మీది నీళ్ల ట్యాంకుకు సెన్సర్ పెట్టే డబ్బా ఒకటి వేశాను. గోడలు అచ్చంగా 0.40. వర్షం పడ్డాక తెరిచి చూస్తే లోపల తడి. మూతను ట్యూబ్‌లైట్‌కు ఎత్తి పట్టుకుంటే 45 డిగ్రీల వాలులో సన్నటి వెలుగు గీతలు కనిపించాయి, ఒక్కొక్కటీ వెంట్రుకంత. మూత మందం 0.8, అంటే నాలుగు పొరలున్నా వెలుతురు దాటుతోంది. ఫ్లో మళ్లీ 98కి తెచ్చి అదే మూత వేస్తే వెలుగు ఆగిపోయింది.

మీ 0.45ను ఇప్పుడు అదే సూత్రంలో వెనక్కి నడపండి. 0.2 × 0.25 అంటే 0.05, దానికి 0.0314 కలిపితే అడ్డుకోత 0.0814. కావలసింది 0.08. భాగిస్తే 98% వస్తుంది. మీ ప్రింటర్ అసలు దాదాపు సరిగ్గానే ఉందన్నమాట. మీరు చూసిన 0.05 తేడాలో చాలా భాగం ఆకారం వల్ల వచ్చిందే.

కానీ ఈ 98ని కూడా కచ్చితమని పట్టుకోకండి. మన దగ్గరుండే మామూలు డిజిటల్ కాలిపర్ 0.02 అటూ ఇటూ చూపిస్తుంది. ఇంత సన్నని గోడలో ఆ 0.02 అంటే ఫ్లోలో 5% తేడా! నేను నాలుగు గోడల్లో, ఒక్కో గోడకు మూడు చోట్ల కొలిచి సగటు తీస్తాను. మూలల దగ్గర, ఒక్కో పొర మొదలై ముగిసే సీమ్ దగ్గర కొలవను. కింది రెండు మిల్లీమీటర్లు కూడా వదిలేస్తాను, మొదటి పొర బెడ్ మీద నలిగి అక్కడ వెడల్పుగా ఉంటుంది. దవడలను గట్టిగా నొక్కితే గోడ వంగి అంకె తగ్గుతుంది, తాకీతాకనట్టు పట్టుకోవాలి.

ఫ్లో ముట్టుకునే ముందు ఈ-స్టెప్స్, అంటే ఒక మి.మీ. ఫిలమెంట్ నెట్టడానికి ఎక్స్‌ట్రూడర్ మోటారు వేసే అడుగుల లెక్క, ఒకసారి చూడండి. నాజిల్ 200కి వేడెక్కాక, ఎక్స్‌ట్రూడర్‌లోకి ఫిలమెంట్ దూరే చోటు నుంచి 120 మి.మీ. దగ్గర సన్నని మార్కర్‌తో గీత పెట్టి, 100 మి.మీ. నెమ్మదిగా పంపండి.

```
M83
G1 E100 F60
```

నాకు గీతకూ ఎక్స్‌ట్రూడర్‌కూ మధ్య 23.5 మిగిలింది. అంటే లోపలికి పోయింది 96.5 మాత్రమే. అప్పటి వరకు ఉన్న ఈ-స్టెప్స్ విలువ 93. 93 × 100 / 96.5 చేస్తే 96.4.

```
M92 E96.4
M500
```

మళ్లీ కొలిస్తే 20 మిగిలింది. ప్రింటర్‌లో క్లిప్పర్ ఫర్మ్‌వేర్ వాడేవాళ్లకు లెక్క తిరగబడుతుంది: పాత `rotation_distance`ను 96.5తో గుణించి 100తో భాగించాలి.

F60 అని నెమ్మదిగా పంపడానికి కారణం ఉంది. అదే పరీక్షను F300తో చేస్తే సెకనుకు దాదాపు 12 ఘన మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కరగాలి, మామూలు హాట్‌ఎండ్ అక్కడ తడబడుతుంది. నెమ్మదిగా 100 వచ్చి, వేగంగా పంపితే 95 వస్తే స్టెప్స్ తప్పు కాదు. గేర్ పళ్లు ఫిలమెంట్ మీద జారుతున్నాయి, లేదా నాజిల్ కొంచెం మూసుకుంది. అప్పుడు స్టెప్స్ పెంచితే నెమ్మదిగా వేసే గోడలన్నీ లావెక్కుతాయి. ఫిలమెంట్ బయటికి లాగి చూడండి, గేర్ కొరికిన చోట పొడి కనిపిస్తే సంగతి అదే.

మన ఊళ్లో ఇంకో చిక్కు తేమ. నవంబర్ వానల్లో తెరిచి ఉంచిన రీలుతో వేస్తే నాజిల్ దగ్గర చిటపటమని వినిపిస్తుంది. తడి ఆవిరై బుడగలు కట్టడంతో గోడ గరుకుగా, లావుగా వస్తుంది. ఆ గోడ కొలిచి ఫ్లో తగ్గిస్తే, రీలు ఆరిన రోజు సరుకు చాలదు. నేను 45 డిగ్రీల దగ్గర ఐదారు గంటలు ఆరబెట్టాకే కొలత మొదలుపెడతాను. ఫిలమెంట్ వ్యాసం కూడా చూసుకోండి: 1.75 అనుకున్నది 1.72 ఉంటే సరుకు 3% పైగా తక్కువ పోతుంది.

రేపు మీరు ప్రూసాస్లైసర్‌కు మారితే 0.443ను వెంట తీసుకెళ్లకండి. అది గుండ్రటి అంచులను ముందే లెక్కలో వేస్తుంది, కాబట్టి అక్కడ ఒంటి గోడకు 0.45 పెడితే 0.45 రావాలి. కానీ జంట గోడ 0.90 రాదు, దాదాపు 0.86 వస్తుంది. గీతలు ఒకదానిలోకి ఒకటి కొంచెం దూరేలా వేస్తుంది మరి.

చివరి రెండు శాతాలు కాలిపర్‌తో తేలవు. 30 మి.మీ. చదరాలు నాలుగు వేయండి, ఒక్కోదానికి ఫ్లో 96, 98, 100, 102. పైపొరపై గోరు గీయండి. సందుల్లో గోరు తట్టుకుంటే తక్కువైనట్టు, గీతల మధ్య గట్లు లేచి గరగరమంటే ఎక్కువైనట్టు. నా రీలుకు 98 దగ్గర గోరు నున్నగా జారింది.