యూనిట్ సిద్ధంగా ఉంది అంటే కంపెనీకి ఏం అర్థమవుతుంది?

ప్రశ్న: మా నాన్నగారు సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్. 24 ఏళ్ల సర్వీసు పూర్తి చేసి వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. ఆపరేషన్స్ మేనేజర్ ఉద్యోగాలకు ప్రొఫైల్ తయారు చేద్దామని కూర్చుంటే, “రవాణా బెటాలియన్‌ను కమాండ్ చేశాను, యూనిట్‌ను ఎల్లవేళలా ఆపరేషన్‌కు సిద్ధంగా ఉంచాను” అని రాసిచ్చారు. ఆయన కూతుర్నయిన నాకే అది పూర్తిగా అర్థం కాలేదు. కంపెనీలకు అర్థమయ్యేలా ఎలా మార్చాలి?

జవాబు: అమ్మా, ఆ వాక్యాన్ని తీసి పారేయొద్దు. అందులో అసలు విషయమంతా ఉంది, కాకపోతే మూటకట్టి ఉంది. “యూనిట్ సిద్ధంగా ఉంది” అనగానే ఇంకో ఆఫీసరుకు ఎన్ని బండ్లు కదిలే స్థితిలో ఉన్నాయో, ఎంతమంది డ్రైవర్లకు శిక్షణ పూర్తయిందో, ఇంధనం, విడిభాగాలు ఎన్నాళ్లకు సరిపోతాయో అన్నీ తడతాయి. కంపెనీలో ప్రొఫైల్ చదివే మనిషికి అవేవీ తట్టవు. చాలామంది ఇక్కడ “కమాండ్” తీసి “లీడర్‌షిప్” అని, “మిషన్” తీసి “ప్రాజెక్ట్” అని పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. పదాలు మారాయి గానీ మూట విప్పలేదు.

విప్పడం ఎలాగో చెప్పడానికి, నా దగ్గరికి వచ్చిన ఒక ఆఫీసరుగారి సంగతి చెబుతాను. ఆయనదీ రవాణా యూనిటే. లెక్కలు కావాలనే కొంచెం మార్చి చెబుతున్నాను. మొదట ఆయన కూడా సరిగ్గా మీ నాన్నగారు రాసినట్టే రాశారు. నేను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: “మీరు బాధ్యత తీసుకున్న రోజున ఏది బాగాలేదు?”

ఆయన కాసేపు ఆలోచించి చెప్పారు. 220 బండ్లలో 64 కదలడం లేదు. అందరూ మెకానిక్‌లు చాలడం లేదని అనుకునేవారు. ఈయన ఆ 64 బండ్లనూ ఒక్కొక్కటి ఎందుకు ఆగిందో రాయించారు. 15 బండ్లు రిపేరులో ఉన్నాయి, 8 ఇక పనికిరావని తీసేయడానికి ఎదురుచూస్తున్నాయి, మిగతా 41 విడిభాగాల కోసం ఆగాయి. ఆ 41లోనూ 30 బండ్లు ఆరంటే ఆరే రకాల విడిభాగాల కోసం నిలబడి ఉన్నాయి. బండి చెడిపోయాకే ఇండెంట్ పెట్టేవారు, సామాను రావడానికి దాదాపు ఏడు వారాలు పట్టేది. ఆయన ఆ ఆరు రకాలకూ ఏడు వారాల వాడకాన్ని లెక్కగట్టి, దానిపైన ఇంకొంచెం కలిపి కనీస నిల్వగా పెట్టారు. నిల్వ అంతకంటే తగ్గబోతుందనగానే ఇండెంట్ వెళ్లేది. 14 నెలలకు ఆగిన బండ్లు 26కి తగ్గాయి. కొత్తగా ఒక్క మెకానిక్ కూడా రాలేదు.

ఇదంతా ఆయన దృష్టిలో “డ్యూటీ”. ఆపరేషన్స్ భాషలో దీనికి పేర్లున్నాయి: బండ్లు కదిలే స్థితి ఫ్లీట్ అవైలబిలిటీ, ఆగడానికి అసలు కారణం వెతకడం రూట్ కాజ్ అనాలిసిస్, ఏడు వారాల నిరీక్షణ లీడ్ టైమ్, తగ్గగానే ఆర్డరు పెట్టాల్సిన ఆ కనీస నిల్వ రీఆర్డర్ పాయింట్. చివరికి మేం రాసిన వాక్యం ఇదీ:

“200కు పైగా వాహనాల ఫ్లీట్‌లో ఆగిపోయిన వాటిని 14 నెలల్లో సగానికి పైగా తగ్గించాను. అసలు ఆటంకం మెకానిక్‌ల కొరత కాదు, విడిభాగాల లీడ్ టైమ్ అని గుర్తించి, ఎక్కువగా అవసరమయ్యే ఆరు రకాలకు రీఆర్డర్ పాయింట్లు పెట్టాను. సిబ్బందిని పెంచలేదు.”

ఇందులో 64, 26 అన్న అంకెలు లేవు, గమనించారా? సైనిక యూనిట్‌లో ఎన్ని బండ్లు కదులుతున్నాయన్నది బయట పెట్టే విషయం కాదు. నిష్పత్తి చెబితే చాలు, ఫలితం తెలుస్తుంది. యూనిట్ పేరు, ఉన్న చోటు, ఆపరేషన్ పేరు, పరికరాల సామర్థ్యం, ఇవేవీ ప్రొఫైల్‌లోకి రాకూడదు. నాన్నగారు ఇంకా సర్వీసులోనే ఉన్నారు కాబట్టి, ఆన్‌లైన్‌లో పెట్టే ముందు తమ సర్వీసు నిబంధనలు ఒకసారి చూసుకోమనండి.

మీ ఇంట్లో ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెబుతున్నాను. మీరు అడిగితే నాన్నగారు ప్రతిదానికీ “మేం చేశాం” అంటారు. ఆ ఆఫీసరుగారితో “నేను గుర్తించాను” అని రాయించడానికి నాకు రెండు సార్లు కూర్చోవాల్సి వచ్చింది. నా కుర్రాళ్ల కష్టాన్ని నా పేరు మీద రాసుకోను అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. అయినా చదివేవాళ్లకు ఆయన వంతు ఏమిటో తెలియాలి. అందుకే నిర్ణయం ఆయనదైన చోట “నేను”, పని కుర్రాళ్లదైన చోట “నా బృందం” అని విడదీశాం. అప్పుడు ఆయన ఒప్పుకున్నారు.

ఇక కంపెనీల మనసులో ఉండే అసలు అనుమానం వేరే ఉంది. “ఈయన ఆర్డరు వేస్తే అందరూ విన్నారు. మా దగ్గర వినకపోతే ఏం చేస్తారు?” దీనికి “మంచి కమ్యూనికేషన్ స్కిల్స్” అని రాస్తే జవాబు కాదు. తన అధికారం చెల్లని చోట నాన్నగారు పని ఎలా చేయించారో అడగండి. ప్రతి ఆఫీసరు సర్వీసులోనూ అలాంటివి ఉంటాయి: తన కింద లేని వర్క్‌షాప్, సివిలియన్ ఉద్యోగులు, కాంట్రాక్టర్లు, తనకంటే సీనియర్ నడిపే పక్క యూనిట్. నేను చెప్పిన ఆఫీసరుగారి విషయంలో విడిభాగాల డిపో ఆయన కింద లేదు. డిపో వాళ్లతో నెలకోసారి కూర్చుని, రాబోయే మూడు నెలలకు ఏం కావాలో ముందే జాబితా ఇచ్చేవారు. దానివల్ల వాళ్లకూ పని తేలికైంది, ఈయన సామానూ త్వరగా వచ్చింది. ప్రొఫైల్‌లో అది ఒక్క వాక్యమే, కానీ ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడింది దాని గురించేనట.

రెండు చోట్ల మాత్రం ఎక్కువ చేసి రాయకండి. ఒకటి, బడ్జెట్. నాన్నగారు పెద్ద మొత్తాలు ఖర్చు పెట్టి, ఆడిట్‌కు లెక్క చెప్పి ఉంటారు. అది బడ్జెట్ బాధ్యత, అలాగే రాయండి. లాభనష్టాల బాధ్యత అని రాస్తే, ధర ఎలా నిర్ణయించారు, మార్జిన్ ఎంత అని అడుగుతారు. సైన్యంలో అమ్మకం లేదు, కాబట్టి ఆ ప్రశ్నకు జవాబూ ఉండదు. రెండోది, ర్యాంకు. లెఫ్టినెంట్ కల్నల్ అంటే కంపెనీలో ఫలానా హోదా అని చెప్పే పట్టికలు తిరుగుతుంటాయి, వాటిని నమ్మొద్దు. కంపెనీ సైజును బట్టి ఒకే హోదా కింద పదిమంది ఉండొచ్చు, వెయ్యిమంది ఉండొచ్చు. ర్యాంకు ఉన్నదున్నట్టు రాసి, పక్కనే ఎంతమంది, ఎన్ని చోట్ల, ఏ పని అన్నది చేర్చండి.

ఈ వారం ఒక సాయంత్రం నాన్నగారితో కూర్చోండి. ఆఖరి రెండు పోస్టింగులు చాలు, అంతకు ముందువి ఒక్కో లైనులో సరిపోతాయి. బాధ్యత తీసుకున్నప్పుడు ఏది బాగాలేదు, మీరు ఏం మార్చారు, వదిలి వచ్చేనాటికి ఎలా ఉంది, మీ మాట వినాల్సిన అవసరం లేనివాళ్లు ఎవరు అని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. దాన్నుంచి రెండు మూడు వాక్యాలు తయారయ్యాక, సైన్యంతో ఏ సంబంధమూ లేని మీ సహోద్యోగికి చదవమని ఇవ్వండి. ఒకసారి చదివాక కాగితం తీసుకుని, “ఈయన ఏం చేశారు?” అని అడగండి. “ఏదో పెద్ద బాధ్యతలో ఉన్నారు” అంటే మూట ఇంకా విప్పలేదన్నమాట. “ఆగిపోయిన బండ్లను తగ్గించారు, స్పేర్ పార్టులు ముందే తెప్పించారు” లాంటి జవాబు వస్తే, ఆ వాక్యాన్ని ప్రొఫైల్‌లో అన్నిటికంటే పైన పెట్టండి.